బొంగరం బరువు ఎటువైపు? శంకువు, అర్ధగోళం కలిసిన ఆకారంలో గురుత్వ కేంద్రం లెక్క

క్లుప్తంగా: శంకువునీ అర్ధగోళాన్నీ అతికిస్తే వచ్చే బొంగరానికి గురుత్వ కేంద్రం కనుక్కోవాలంటే, రెండు ముక్కల కేంద్రాలకు మామూలు సగటు తీస్తే కుదరదు. ఏ ముక్క ఘనపరిమాణం ఎంతో దాని కేంద్రానికి అంత ప్రాధాన్యం ఇచ్చి సగటు తీయాలి. శంకువు ఎత్తు వ్యాసార్ధానికి √3 రెట్లయితే ఆ కేంద్రం సరిగ్గా అతుకు దగ్గర పడుతుంది. అంతకంటే పొట్టిగా ఉంటే అర్ధగోళంలోకి, పొడుగ్గా ఉంటే శంకువులోకి జరుగుతుంది. గుండ్రటి వైపు కిందికి పెట్టినప్పుడు బొంగరం నిలుస్తుందా, పడుతుందా అన్నది ఈ జరుగుబాటు మీదే ఆధారపడుతుంది.

## తికమక ఎక్కడ మొదలవుతుంది

ఈ బొంగరం ఆకారం హైస్కూలు గణితంలో చాలామందికి పరిచయమే. దాని ఘనపరిమాణం అడిగితే రెండు ముక్కలవీ కలిపేస్తారు. రంగు వేయాల్సిన ఉపరితలం అడిగితే రెండు వక్రతలాలూ కలిపేస్తారు. అక్కడ కూడిక చాలు కాబట్టి, గురుత్వ కేంద్రం అడిగినప్పుడూ చేయి అలవాటుగా అటే పోతుంది. శంకువు కేంద్రం ఇక్కడ, అర్ధగోళం కేంద్రం అక్కడ, రెండింటికీ మధ్య బిందువు జవాబు అని రాసేస్తారు.

కేంద్రాల్ని అలా నేరుగా కలపడానికి లేదు. ఒక ముక్క బరువంతా దాని కేంద్రం దగ్గరే ఉందనుకుంటే, బొంగరం మొత్తం రెండు బరువులు వేలాడదీసిన కర్రలాంటిది. ఒక చివర 12 పాళ్లు, ఇంకో చివర 18 పాళ్లు బరువుంటే ఆ కర్ర నడిమధ్యన వేలు పెట్టి నిలబెట్టలేం. వేలు బరువైన వైపుకి జరగాలి, ఎంత జరగాలన్నది బరువుల నిష్పత్తి చెబుతుంది. బొంగరం అంతా ఒకే పదార్థంతో, లోపల బోలు లేకుండా చేసినదైతే బరువుల నిష్పత్తి, ఘనపరిమాణాల నిష్పత్తి ఒకటే. అందుకే ఈ లెక్కలో సాంద్రత కనపడకుండా పోయి ఘనపరిమాణం ఒక్కటే మిగులుతుంది. సాంద్రత కొట్టివేయబడింది తప్ప లేకుండా పోలేదన్న సంగతి కాస్త ముందుకెళ్లాక అక్కరకొస్తుంది.

బొంగరం తన అక్షం చుట్టూ అన్ని వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి కేంద్రం ఆ అక్షం మీదే ఉంటుంది. అక్షం పొడవునా ఎక్కడ అన్నదొక్కటే తేల్చాలి.

## ఒక్కో ముక్కలో కేంద్రం

నిండు శంకువు గురుత్వ కేంద్రం దాని భూమి నుంచి ఎత్తులో నాలుగో వంతు దగ్గర, అంటే h/4 దూరంలో ఉంటుంది. నిండు అర్ధగోళానిది చదునైన ముఖం నుంచి 3r/8 లోతులో ఉంటుంది. రెండోది ఆర్కిమెడిస్ కాలం నాటికే తెలిసిన ఫలితం. గుండ్రటి కొస నుంచి చదును ముఖం దాకా ఉన్న అక్షాన్ని ఆ బిందువు 5:3 నిష్పత్తిలో విడగొడుతుంది.

ఈ భిన్నాలు ఎందుకిలా వచ్చాయో ఒక బొంగరాన్ని దగ్గరగా పెట్టుకుని చూడొచ్చు. వ్యాసార్ధం 3 సెం.మీ., శంకువు ఎత్తు 4 సెం.మీ. అనుకుందాం. శంకువుని సరిగ్గా సగం ఎత్తులో, 2 సెం.మీ. దగ్గర అడ్డంగా కోస్తే పైన మిగిలేది అదే ఆకారంలో ఉన్న బుల్లి శంకువు. దాని ఎత్తు సగం, వ్యాసార్ధమూ సగం కాబట్టి ఘనపరిమాణం ఎనిమిదో వంతు. మొత్తం 12π ఘన సెం.మీ.లో పైసగం వాటా 1.5π, కిందిసగం వాటా 10.5π. సరుకంతా భూమి దగ్గరే పేరుకుని ఉంది. అందుకే కేంద్రం సగం ఎత్తు దాకా రాలేక 1 సెం.మీ. దగ్గరే ఆగిపోతుంది.

అర్ధగోళం అంత తొందరగా సన్నబడదు. చదును ముఖం దగ్గర దాని అడ్డుకోత వైశాల్యం 9π చదరపు సెం.మీ. సగం లోతులో, అంటే 1.5 సెం.మీ. దగ్గర, అది ఇంకా 6.75π ఉంటుంది. శంకువులో సగం దూరం పోయేసరికి అడ్డుకోత నాలుగో వంతుకి పడిపోతే, ఇక్కడ ముప్పాతిక మిగిలే ఉంది. అందువల్ల కేంద్రం శంకువులో కంటే లోపలికి, వ్యాసార్ధంలో మూడెనిమిదో వంతు దాకా, 1.125 సెం.మీ. లోతుకి వెళ్తుంది.

సమాకలనం తెలిసినవాళ్లు రెండు వరుసల్లో సరిచూసుకోవచ్చు. చదును ముఖం నుంచి z లోతులో ఉన్న పలుచని బిళ్ల వ్యాసార్ధం వర్గం r² − z². ఆ బిళ్లల వైశాల్యాల్ని వాటి దూరంతో గుణించి 0 నుంచి r దాకా కూడితే πr⁴/4 వస్తుంది. దాన్ని ఘనపరిమాణం 2πr³/3 తో భాగిస్తే 3r/8.

## లెక్క అసలు రూపం

దూరాల్ని ఎక్కడి నుంచి కొలవాలన్నది చేసేవాళ్ల ఇష్టం. అతుకు తలం నుంచి కొలిస్తే పని తేలికవుతుంది. శంకువు వైపు దూరాలు ధనం, అర్ధగోళం వైపు దూరాలు రుణం. అదే బొంగరానికి లెక్క ఇలా నడుస్తుంది. ఇందులో z̄ అంటే అతుకు నుంచి బొంగరం గురుత్వ కేంద్రం దూరం.

```
శంకువు      : 12π × (+1)      = +12π
అర్ధగోళం    : 18π × (−1.125)  = −20.25π
మొత్తం      : 30π               −8.25π

z̄ = −8.25π ÷ 30π = −0.275 సెం.మీ.
```

గురుత్వ కేంద్రం అతుకు దగ్గర నుంచి అర్ధగోళంలోకి 2.75 మి.మీ. దూరంలో ఉంది. శంకువు కొస నుంచి కొలిచినా తేడా రాకూడదు. అప్పుడు ముక్కల కేంద్రాలు 3 సెం.మీ., 5.125 సెం.మీ. దగ్గర ఉంటాయి. (12 × 3 + 18 × 5.125) ÷ 30 చేస్తే 4.275 సెం.మీ. వస్తుంది. అతుకు ఉన్నది 4 సెం.మీ. దగ్గర కాబట్టి ఇదీ ఆ 2.75 మి.మీ.నే చెబుతోంది.

మామూలు సగటు తీసి ఉంటే వచ్చేది −0.0625 సెం.మీ. అంటే ఒక మిల్లీమీటరు కూడా లేదు. దిశ సరిగ్గానే ఉంది కాబట్టి అది తప్పని పైకి తెలియదు. కొలతలు కొంచెం మారితే దిశ కూడా తప్పేది.

గుర్తు మర్చిపోవడం ఇంకో రకం పొరపాటు. ఇది మాత్రం తనంత తానే బయటపడుతుంది. −1.125 బదులు +1.125 వేస్తే జవాబు 1.075 సెం.మీ. వస్తుంది. రెండు బరువులున్న కర్ర ఎప్పుడైనా ఆ రెండు బరువుల మధ్యే నిలుస్తుంది, కాబట్టి అసలు జవాబు +1 కీ −1.125 కీ మధ్య ఉండి తీరాలి. 1.075 ఆ హద్దు దాటింది. ఎక్కడో గుర్తు తిరగబడిందని ఇంకేమీ చూడకుండానే చెప్పేయవచ్చు. h/4 బదులు h/3 వేయడం ఇంత సులువుగా దొరకదు. త్రిభుజానికి గుర్తున్న మూడో వంతుని శంకువుకీ తగిలించేస్తే జవాబు −0.142 సెం.మీ. అవుతుంది. హద్దుల్లోనే ఉంటుంది, తప్పుగానే ఉంటుంది.

## √3 ఎక్కడి నుంచి వచ్చింది

అంకెల బదులు అక్షరాలతో ఇదే లెక్క చేస్తే సూత్రం పొందికగా కుదిరిపోతుంది.

```
z̄ = (h² − 3r²) / (4(h + 2r))
```

హారం ఎప్పుడూ ధనమే. కాబట్టి కేంద్రం ఎటువైపు పడుతుందో లవం ఒక్కటే నిర్ణయిస్తుంది. h² విలువ 3r² కంటే తక్కువైతే అర్ధగోళంలోకి, ఎక్కువైతే శంకువులోకి. రెండూ సమానమైతే, అంటే h = √3 r అయితే, సరిగ్గా అతుకు మీద.

ఇక్కడ h వర్గం కావడానికి కారణం ఉంది. శంకువు ఎత్తు పెంచితే దాని ఘనపరిమాణం పెరుగుతుంది, దానితో పాటే దాని కేంద్రం కూడా అతుకు నుంచి దూరం జరుగుతుంది. బరువూ పెరిగి, అతుకు నుంచి దాని దూరమూ పెరిగితే, ఆ రెండింటి గుణకారమైన భ్రామకం రెండు విధాలా పెరుగుతుంది. ఎత్తు రెట్టింపైతే శంకువు లాగుడు నాలుగు రెట్లవుతుంది. అర్ధగోళం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

3 సెం.మీ. వ్యాసార్ధానికి హద్దు ఎత్తు దాదాపు 5.2 సెం.మీ. 5 సెం.మీ. శంకువు పెడితే కేంద్రం ఇంకా అర్ధగోళంలోనే, అర మిల్లీమీటరు లోపు ఉంటుంది. 6 సెం.మీ. పెడితే శంకువులోకి 1.9 మి.మీ. వెళ్లిపోతుంది. ఈ 6 సెం.మీ. సందర్భంలో ఇంకో విశేషం ఉంది. ఎత్తు వ్యాసార్ధానికి సరిగ్గా రెట్టింపు అయినప్పుడు రెండు ఘనపరిమాణాలూ సమానం. అప్పుడు మాత్రం మామూలు సగటు కూడా సరైన జవాబే ఇస్తుంది. పాఠంలో మొదటి ఉదాహరణ గనక ఈ కొలతలతో ఉంటే, సగటు పద్ధతి సరైనదేనన్న నమ్మకం బలంగా నాటుకుపోయే ప్రమాదం ఉంది. సమాన ఘనపరిమాణాలున్నా కేంద్రం అతుకు మీద పడకపోవడమూ గమనించదగ్గదే. శంకువు కేంద్రం 1.5 సెం.మీ. దూరంలో ఉంటే, అర్ధగోళానిది 1.125 సెం.మీ. దూరంలోనే ఉంది.

## బల్ల మీద పెడితే

సూత్రం చెప్పింది నిజమో కాదో బల్ల మీద పెట్టి చూడొచ్చు. గుండ్రటి వైపు కిందికి, కొస పైకి ఉండేలా బొంగరాన్ని నిలబెట్టి పక్కకి వంచి వదిలేయాలి.

అర్ధగోళం బల్ల మీద దొర్లుతున్నంత సేపూ దాని గోళ కేంద్రం బల్లకి ఒకే ఎత్తులో, r దూరంలో ఉంటుంది. ఆ గోళ కేంద్రం ఉన్నది అతుకు తలం మధ్యలోనే. బొంగరం గురుత్వ కేంద్రం దానికి కిందివైపు ఉంటే, వంచినప్పుడల్లా అది కాస్త పైకి లేస్తుంది. పైకి లేచిన బరువు కిందికి రావాలని చూస్తుంది కాబట్టి బొంగరం వెనక్కి వచ్చి నిలబడుతుంది. పైవైపు ఉంటే వంచగానే బరువు కిందికి దిగుతుంది, ఇక ఆగదు. సరిగ్గా గోళ కేంద్రం దగ్గరే ఉంటే ఎంత వంచితే అంత వంపులో ఆగిపోతుంది. √3 గీటు ఈ మూడు ప్రవర్తనల్నీ విడదీస్తోంది.

4 సెం.మీ. శంకువున్న బొంగరం మొదటి రకం. అయితే దాన్ని వెనక్కి తెచ్చే బలం చాలా చిన్నది. 10 డిగ్రీలు వంచితే గురుత్వ కేంద్రం పక్కకి జరిగేది అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే అది చటుక్కున లేవదు, మెల్లగా ఊగుతూ వస్తుంది. బల్ల కొంచెం గరుకుగా ఉన్నా, గుండ్రటి అడుగున చిన్న చదును ఉన్నా ఊగడం మధ్యలోనే ఆగిపోవచ్చు. అది చూసి లెక్క తప్పిందనుకోకూడదు.

ఇక్కడ తరచూ వినపడే ఒక మాటని మాత్రం సవరించాలి. కేంద్రం అర్ధగోళంలో ఉంటే బొంగరాన్ని ఎలా పడేసినా లేచి నిలబడుతుందని అంటుంటారు. అది సగమే నిజం. 90 డిగ్రీలు వంచితే బొంగరం అతుకు అంచు మీదికి వస్తుంది. ఆ తర్వాత దొర్లడానికి గోళం లేదు. అంచు ఆధారంగా తిరిగి శంకువు పక్క మీద వాలుతుంది. ఈ కొలతలతో లెక్కేస్తే సుమారు 95 డిగ్రీల వంపు దాకా అది వెనక్కి రాగలదు. అది దాటితే దాదాపు 127 డిగ్రీల దగ్గర శంకువు పక్క బల్లకి ఆనుకుంటుంది, అక్కడే పడి ఉంటుంది.

ఎత్తులు పోలిస్తే కారణం తెలుస్తుంది. నిలబడి ఉన్నప్పుడు గురుత్వ కేంద్రం బల్లకి 2.725 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. అంచు మీద తూగుతున్నప్పుడు 3 సెం.మీ. దాటుతుంది. పక్క మీద పడుకున్నాక 2.565 సెం.మీ.కి దిగుతుంది. అంటే పడుకున్న స్థితిలోనే బరువు ఇంకా కిందుంది. నిలబడిన చోటు ఒక గుంట అయితే, పక్క మీద పడుకున్న చోటు అంతకంటే లోతైన గుంట. మధ్యలో చిన్న గట్టు.

పడుకున్న చోటి నుంచి తనంత తానే లేవాలంటే గురుత్వ కేంద్రం అతుకు నుంచి r²/h కంటే ఎక్కువ లోతులో ఉండాలి. మన బొంగరానికి అది 2.25 సెం.మీ. ఉన్నది 0.275. పై సూత్రాన్ని ఈ షరతులో పెడితే h³ + r²h + 8r³ సున్నా కంటే తక్కువ కావాలని వస్తుంది. అన్నీ ధన సంఖ్యలే కాబట్టి అది ఎన్నటికీ కాదు. ఒకే పదార్థంతో చేసిన నిండు బొంగరం ఏ కొలతలతో చేసినా పక్క మీద నుంచి లేవదన్నమాట. పడేసినా లేచే బొమ్మల్లో పైభాగాన్ని తేలిగ్గా ఉంచి, అడుగున విడిగా బరువు పెట్టేది ఇందుకే.

## ఘనపరిమాణం సరిపోని చోట

కొట్టివేయబడిన సాంద్రత మళ్లీ కనపడేది ముక్కలు వేర్వేరు పదార్థాలతో చేసినప్పుడు. శంకువు పదార్థం అర్ధగోళం పదార్థం కంటే రెట్టింపు సాంద్రమైతే బరువుల పాళ్లు 12, 18 కాదు, 24, 18. అప్పుడు (24 − 20.25) ÷ 42 చేస్తే దాదాపు +0.09 సెం.మీ. ఆకారం మారలేదు, కొలతలు మారలేదు, కానీ కేంద్రం గీటు దాటి శంకువులోకి వచ్చేసింది. ఇప్పుడు నిలబెడితే పడిపోతుంది. ఘనపరిమాణాల లెక్క ఇలాంటి బొంగరానికి ఇచ్చేది ఆకారపు కేంద్రం మాత్రమే, బరువు కేంద్రం కాదు.

లోపల బోలుగా, పలుచని రేకుతో చేసినదైతే ఘనపరిమాణం బదులు ఉపరితల వైశాల్యాలు తీసుకోవాలి, ముక్కల కేంద్రాలూ మారతాయి. శంకువు రేకుకి h/3, అర్ధగోళం రేకుకి r/2. అప్పుడు హద్దు ఎత్తు √3 కాక వ్యాసార్ధానికి సుమారు 1.59 రెట్లు.

అట్ట మీద బొంగరం బొమ్మ గీసి, కత్తిరించి, వేలి మీద నిలబెట్టి చూద్దామనుకునేవాళ్లకి ఇంకో చిక్కు ఎదురవుతుంది. అట్టముక్క త్రిభుజం, అర్ధవృత్తం కలిసిన ఆకారం. త్రిభుజం కేంద్రం h/3 దగ్గర, అర్ధవృత్తానిది 4r/(3π) దగ్గర ఉంటుంది. వైశాల్యాలతో లెక్కేస్తే హద్దు ఎత్తు √2 r. కొలత 3, 4 సెం.మీ. ఉన్న అట్టబొమ్మ అతుకు నుంచి 0.77 మి.మీ. దూరంలో తూగుతుంది, నిండు బొంగరంలోలా 2.75 మి.మీ. దగ్గర కాదు. శంకువు 4.5 సెం.మీ. అయితే తేడా ఇంకా ముదురుతుంది. అట్టబొమ్మ కేంద్రం త్రిభుజం వైపు పడితే, నిండు బొంగరం కేంద్రం అర్ధగోళంలోనే ఉంటుంది. బొమ్మలో కొస దగ్గరి సన్నని ముక్క వెడల్పులో మాత్రమే తగ్గింది. నిజం శంకువులో అది వెడల్పులోనూ మందంలోనూ తగ్గింది. అట్టబొమ్మ కొసకి లేని బరువు అంటగడుతోంది.

తిప్పే బొంగరం మేకు సంగతి కూడా ఈ కోవలోదే. ఘన సెం.మీ.కి 0.7 గ్రాముల కర్రతో చేస్తే మన బొంగరం బరువు దాదాపు 66 గ్రాములు. కొస దగ్గర 6 గ్రాముల ఇనప మేకు దిగ్గొడితే, మేకు బరువంతా కొస దగ్గరే ఉందనుకుని, కొస నుంచి కేంద్రం దూరం 4.275 × 66 ÷ 72, అంటే 3.92 సెం.మీ.కి తగ్గుతుంది. పన్నెండో వంతు బరువున్న మేకు కేంద్రాన్ని మూడున్నర మిల్లీమీటర్లు కిందికి లాగి, అతుకు దాటించి శంకువులోకి తెచ్చేసింది. ఘనపరిమాణం ప్రకారం చూస్తే మేకు వాటా ఒక ఘన సెం.మీ. కూడా లేదు, లెక్కలోంచి వదిలేయాలనిపించేంత చిన్నది.

కొస మీద తిరిగే బొంగరానికి ఈ మార్పు కీడేమీ చేయదు. వంగిన బొంగరాన్ని పడగొట్టాలని చూసే భ్రామకం, కొస నుంచి గురుత్వ కేంద్రం దాకా ఉన్న దూరాన్ని బొంగరం బరువుతో గుణిస్తే వచ్చే విలువని బట్టి ఉంటుంది. మేకు కొట్టాక బరువు పెరిగింది, దూరం తగ్గింది. మేకు సరిగ్గా కొస దగ్గర ఉన్నంత వరకూ ఆ గుణకారం మారదు, 66 × 4.275 కి 72 × 3.92 సమానమే. అంటే కొస మేకు వల్ల పడగొట్టే భ్రామకం పెరగదు. అదే 6 గ్రాములు అర్ధగోళం కొసన, 7 సెం.మీ. ఎత్తులో అతికిస్తే ఆ భ్రామకం దాదాపు 15 శాతం పెరుగుతుంది. అక్షం మీదే ఉన్న చిన్న బరువు కాబట్టి తిరుగుడుకి అది సాయపడదు. అదే వేగంతో తిప్పినా బొంగరం తల ముందుకంటే త్వరగా గిరగిరా ఊగడం కంటికి తెలుస్తుంది.